అరబిక్ పేర్లలో బిన్, అల్, ఇబ్న్ వస్తే సర్‌నేమ్ బాక్స్‌లో ఏం రాయాలి?

మనకి ఇంటిపేరు ముందొస్తుంది, గల్ఫ్ వాళ్లకి చివర్లో వస్తుంది, మధ్యలో ఈ బిన్‌లు చూసి ఫారం నింపేవాళ్లు తికమక పడతారు. ఖాలిద్ బిన్ సయీద్ బిన్ సాలిం అల్ బలూషి అనే ఒమాన్ ఆయన పేరు ఉందనుకోండి, దాంతోనే చూద్దాం.

ముందు బిన్ తర్వాత ఏముందో చూడండి. బిన్ అన్నా ఇబ్న్ అన్నా కొడుకు, బింత్ అంటే కూతురు. సయీద్ నాన్న, సాలిం తాత, అంతే. నేను కొత్తలో ఒకాయనకి సర్‌నేమ్ "బిన్ సయీద్" అని కొట్టేశా, ఆయన కొడుకేమో "బిన్ ఖాలిద్" అయ్యాడు, ఒకే ఇంటి తండ్రీకొడుకులు సిస్టమ్‌లో వేరేవేరే ఫ్యామిలీలు అయిపోయారు!

తర్వాత చివర్లో అల్ ఉందా చూడండి. ఉంటే మామూలుగా అదే ఇంటిపేరు, అల్‌తో కలిపి "అల్ బలూషి" అని రాయాలి, అల్‌ని మిడిల్ నేమ్‌లోకి తోసేయొద్దు. కానీ అబ్దుల్ రహ్మాన్‌లో ఉన్న "ఉల్" కూడా ఆ అల్లే, అక్కడ అది రెండు ముక్కల్ని కలిపే జిగురు, కాబట్టి అబ్దుల్ ఒక బాక్స్‌లో రహ్మాన్ ఇంకో బాక్స్‌లో వేస్తే పేరు సగానికి విరిగినట్టే.

ఇక్కడో మెలిక ఉంది. కొన్ని ఇళ్లలో ఎప్పుడో ఉన్న పూర్వీకుడి పేరు బిన్‌తో సహా ఇంటిపేరుగా స్థిరపడిపోయింది. ఒసామా బిన్ లాడెన్ నాన్న పేరు లాడెన్ కాదు, మొహమ్మద్, అందుకే అక్కడ "బిన్ లాడెన్" మొత్తం సర్‌నేమే. సౌదీ యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్‌కి మాత్రం సల్మాన్ సొంత తండ్రి, ఇంటిపేరు ఆల్ సౌద్. పాతకాలపు వైద్యుడు ఇబ్న్ సీనాదీ అంతే, తండ్రి అబ్దుల్లా, సీనా ఎప్పటి ముత్తాతో. మన హైదరాబాద్ బార్కస్‌లో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన కుటుంబాల్లోనూ బిన్‌లు చాలా కనిపిస్తాయి, ఎవరిది ఏ రకమో చూసి చెప్పలేం. అందుకే "మీ నాన్నగారి పేరేంటండీ?" అని అడిగేయండి. బిన్ తర్వాతున్న పేరే చెప్తే అది సర్‌నేమ్ కాదు, వేరే పేరు చెప్తే ఇంటిపేరు అయ్యుండొచ్చు.

ఇంత చేసినా ఫైనల్ మాట పాస్‌పోర్ట్‌దే. కింద మెషిన్ చదివే లైన్ చూడండి:

```
P<OMNAL<BALUSHI<<KHALID<SAEED<SALIM<<<<<<<<<
```

పేరు మధ్యలో `<<` జంటగా వచ్చిన చోటికి ముందున్నది సర్‌నేమ్, తర్వాతవి గివెన్ నేమ్స్. అల్-బలూషి అని హైఫన్ ఉన్నా ఈ లైన్‌లో హైఫన్ రాదు, కంగారు పడకండి. పేరు మధ్యలో ఆ జంట లేకపోతే పాస్‌పోర్ట్ పేరుని విడగొట్టలేదని అర్థం, మలేషియాలో "ఫలానా బిన్ ఫలానా" వాళ్లకి అసలు ఇంటిపేరే ఉండదు. అలాంటప్పుడు మీరే ఒకటి తయారుచేయకండి, అమెరికా వీసా ఫారం DS-160లో అయితే మొత్తం పేరు సర్‌నేమ్‌లో పెట్టి గివెన్ నేమ్‌లో `FNU`, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అని కొడతారు.