అట్టలా మారిన ఉన్ని దుప్పటి

మనవరాలికి ఉన్నితో అల్లిన దుప్పటిని కోడలు వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్లతో ఉతికింది. తీసి చూస్తే అట్టలా గట్టిపడి, సగానికి కుంచించుకుపోయింది. వేడికి, కుదుపుకు ఉన్ని పోగుల మీది పొలుసులు పెనవేసుకుంటాయి, ఇక విడదీయలేం.

ఈసారి నూలు, యాక్రిలిక్ సగం సగం కలిసిన దారం కొన్నాను. ఉత్త నూలు తడిస్తే బరువెక్కి సాగుతుంది. ఉత్త యాక్రిలిక్‌ను ఉతకడం తేలికే గానీ మన ఎండలకు ఉక్కపోస్తుంది, నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ముందుగా 10 సెంటీమీటర్ల ముక్క అల్లి, మూడుసార్లు మెషీన్‌లో ఉతికి కొలిచాను: 9.5 దగ్గర ఆగింది. తడి తెల్లగుడ్డతో రుద్దితే రంగు అంటలేదు. పాప ప్రతిదీ నోట్లో పెట్టుకుంటుంది కనుక బొచ్చు దారం జోలికి పోలేదు. వేళ్లు ఇరుక్కోకుండా అల్లిక దగ్గరగా వేశాను. ఏడాది నిండేదాకా నిద్రలో కప్పడం లేదు, ఒళ్లో ఉన్నప్పుడే.