సెర్చ్ టర్మ్స్ రిపోర్టు చదివి, వీడియోలు కొరవడిన అంశాన్ని కనిపెట్టడం ఎలా?

ప్రేక్షకులు ఏ మాటలు టైప్ చేసి మన వీడియో దగ్గరకు వచ్చారో YouTube Studio చూపిస్తుంది. చాలామంది ఆ జాబితాలో ఎక్కువ వ్యూస్ ఉన్న మొదటి నాలుగైదు వరుసలు చూసి ఆపేస్తారు. ఆ వరుసల్లో ఉండేవి సాధారణంగా మనం ఇప్పటికే చక్కగా జవాబు చెప్పిన ప్రశ్నలే. కొత్త అంశం దొరికేది అంతకన్నా కింద, మన వీడియోను తెరిచి చూసినా కావలసింది దొరకక వెళ్ళిపోయినవారు టైప్ చేసిన మాటల్లో.

ముందుగా Analytics తెరిచి Advanced mode లోకి వెళ్ళి, బాగా నడుస్తున్న ఒక్క వీడియోను ఎంచుకోండి. మొత్తం ఛానెల్‌కు ఒకేసారి చూస్తే వేర్వేరు వీడియోల లెక్కలు కలిసిపోయి ఏమీ తేలదు. కాలపరిమితిని 90 రోజులకు పెట్టి, Traffic source కింద YouTube search నొక్కితే మాటల జాబితా వస్తుంది. ప్రతి మాట పక్కన Views, Average view duration అనే రెండు నిలువు వరుసలు ఉంటే మనకు చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుట్టు మిషనులో బాబిన్ ఎలా పెట్టాలో చూపే ఆరు నిమిషాల వీడియో ఉందనుకోండి. "బాబిన్ ఎలా పెట్టాలి" అన్న మాటతో 1,400 వ్యూస్ వచ్చాయి, సగటున 3 నిమిషాలు చూశారు. కాస్త కింద "కింద దారం చిక్కు పడుతోంది" అన్న మాటతో 120 వ్యూస్ వచ్చాయి, సగటు 35 సెకన్లే. ఇంకా కిందికి వెళితే అదే ఫిర్యాదు `kinda daram chikku` అని ఇంగ్లీషు అక్షరాల్లోనూ, "దారం ఉండ కడుతోంది" అని వేరే మాటల్లోనూ కనబడుతుంది. మూడింటినీ కలిపితే 260 వ్యూస్ అవుతాయి. ఒకే అవసరం పలు రూపాల్లో చీలిపోయి ఉండడం వల్లనే అది పై వరుసలకు రాలేదు కాబట్టి, ఇలా అర్థాన్ని బట్టి కలిపి కూడే పనిని చేత్తోనే, ఓపికగా చేయాలి.

సగటు తక్కువగా ఉందంటే జవాబు దొరకలేదని వెంటనే తేల్చకూడదు. వీడియో ఆరంభం సాగదీసినట్టు ఉంటే అన్ని మాటలకూ సగటు పడిపోతుంది; అందుకే పోలిక ఎప్పుడూ అదే వీడియోకు వచ్చిన ఇతర మాటలతోనే జరగాలి. జవాబు మొదటి అర నిమిషంలోనే ఉంటే అది తీసుకుని తృప్తిగా వెళ్ళి ఉండవచ్చు కూడా. పై ఉదాహరణలో చిక్కు గురించి వీడియోలో ఎక్కడా చెప్పలేదు కనుక ఆ అనుమానం లేదు. పది పన్నెండు వ్యూస్ మాత్రమే ఉన్న మాట సగటును నేనైతే అసలు లెక్కలోకి తీసుకోను.

ఇక పోటీని చూడాలి. ఇన్‌కాగ్నిటో విండోలో ఆ మూడు రూపాలనూ విడివిడిగా వెతికి, మొదటి పది ఫలితాలను శీర్షికలతో సరిపెట్టుకోకుండా తెరిచి చూడండి. ఇక్కడే అసలు సంగతి బయటపడుతుంది. గుడ్డ అడుగున దారం ఉండ కట్టడానికి తరచుగా కారణం కింద దారం కాదు. గుడ్డను నొక్కి పట్టే ప్రెజర్ ఫుట్‌ను దించి ఉంచి పై దారం ఎక్కించడం వల్ల ఆ దారం తనను బిగించి ఉంచే టెన్షన్ పలకల మధ్య కూర్చోకపోవడమే కారణం. వచ్చిన వీడియోలన్నీ బాబిన్ కేసును శుభ్రం చేయడం గురించే చెబుతూ, వాటి కింది వ్యాఖ్యల్లో "అలా చేసినా పోలేదు" అని పలువురు రాసి ఉంటే, శీర్షికలు ఎన్ని ఉన్నా ఆ ప్రశ్నకు వీడియో లేనట్టే. కారణాన్ని సరిగా చూపే స్పష్టమైన వీడియోలు రెండు మూడు కనబడితే మాత్రం ఆ అంశాన్ని వదిలేయడం మంచిది.

అవసరం నిలకడగా ఉందో లేదో తెలియడానికి కాలపరిమితిని 365 రోజులకు మార్చి, ఆ మాటలకు ప్రతి నెలా వ్యూస్ వచ్చాయో లేదో చూడండి. Google Trends లో YouTube Search ఎంచుకుని కూడా పోల్చవచ్చు. అయితే అక్కడ కనిపించే 0 నుంచి 100 వరకు అంకెలు వెతికినవారి సంఖ్య కాదు, గరిష్ఠ స్థాయితో పోల్చిన నిష్పత్తి మాత్రమే. చిన్న మాటలకు అక్కడ ఏమీ చూపకపోయినా, మన రిపోర్టులో ఉన్న వ్యూస్ నిజమైనవే.

ఈ రిపోర్టుకు ఒక పరిమితి ఉంది: మన వీడియోల దాకా వచ్చినవారి మాటలే ఇందులో ఉంటాయి. బాబిన్ వీడియో చేయకపోయి ఉంటే చిక్కు గురించిన ఫిర్యాదు మనకు తెలిసేదే కాదు. కాబట్టి ఇది మనం ఇప్పటికే తాకిన విషయాల అంచులను మాత్రమే చూపగలదు.

కొత్త వీడియోకు శీర్షిక పెట్టేటప్పుడు కారణాన్ని కాక ఫిర్యాదునే రాయాలి, ఎందుకంటే పై దారం తప్పని తెలిసినవారు ఎవరూ వెతకరు. 28 రోజుల తరువాత ఆ వీడియో రిపోర్టు తెరిచి, అవే మూడు రూపాల పక్కన సగటును చూడండి. పాత వీడియోలో 35 సెకన్లున్నది ఇక్కడ రెండు నిమిషాలు దాటితే అంచనా సరైనదే. మళ్ళీ అర నిమిషం దగ్గరే ఆగితే, వారు అడుగుతున్న చిక్కు మనం చూపించినది కాకపోవచ్చు, కనుక ఆ వీడియో కింద వచ్చిన ప్రశ్నలను చదివి అంశాన్ని తిరిగి నిర్ణయించుకోవాలి.