20వ తేదీకి ముందే: జీఎస్టీ చలాన్ పెండింగ్‌లో పడితే ఏం చేయాలి?

నెలవారీ జీఎస్టీ రిటర్ను వేసే వాళ్లకు జీఎస్టీఆర్-3బి, అంటే మనం 3బి అనే రిటర్ను, గడువు 20వ తేదీ. నేను చిన్న షాపుల లెక్కలు చూస్తాను. 19, 20 తేదీల్లో నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: ‘బ్యాంకులో డబ్బు కట్ అయింది, పోర్టల్లో మాత్రం కట్టలేదనే చూపిస్తోంది. మళ్లీ కట్టమంటారా?’ ఆ టెన్షన్‌లో మళ్లీ కట్టేసి, తర్వాత ఆ డబ్బు కోసం తిరిగిన వాళ్లను చూశాను. అందుకే ఈ నెల చలాన్ తీయకముందే ఇది చదవండి.

పోర్టల్లో చలాన్ తయారు చేయగానే 14 అంకెల CPIN వస్తుంది. అంటే చలాన్ పుట్టింది, డబ్బు ఇంకా కట్టలేదు. దాన్ని కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. మీరు కట్టాక, డబ్బు ప్రభుత్వ ఖాతాలో జమ అయినట్టు బ్యాంకు పోర్టల్‌కు కబురు పంపితే CIN వస్తుంది. అది అదే CPIN చివర బ్యాంకు కోడ్ మూడు అక్షరాలు చేరిన నంబరు. CIN వస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లో డబ్బు కనబడుతుంది. పెండింగ్ అనేదంతా ఈ రెండు నంబర్ల మధ్య జరిగే కథే. ఖాతాలో డబ్బు తగ్గింది కానీ బ్యాంకు నుంచి కబురు పోర్టల్‌కు చేరలేదు. చెల్లింపు మధ్యలో నెట్ పోయినా, బ్యాంకు పేజీ నుంచి పోర్టల్‌కు తిరిగి వచ్చేలోపు బ్రౌజర్ మూసేసినా, చివరి రోజు రద్దీలో సర్వర్లు నెమ్మదించినా ఇలా జరగవచ్చు.

కాబట్టి మొదటి జాగ్రత్త కట్టకముందే తీసుకోవాలి. CPIN రాగానే, పే బటన్ నొక్కకముందే ఆ చలాన్‌ను పీడీఎఫ్‌గా దింపుకోండి. మధ్యలో పేజీ ఆగిపోయినప్పుడు చాలామంది దగ్గర ఆ నంబరు ఉండదు, అక్కడే కంగారు మొదలవుతుంది. నంబరు ఉంటే లాగిన్ కూడా అక్కర్లేదు. gst.gov.in లో Services, అందులో Payments, అందులో Track Payment Status తెరిచి జీఎస్టీఐఎన్, CPIN ఇస్తే చలాన్ స్థితి తెలుస్తుంది. లాగిన్ అయితే Challan History లో కూడా చూడవచ్చు.

అక్కడ కనిపించే మాటకు సరైన అర్థం తెలియాలి. PAID అంటే పని అయిపోయింది. FAILED అని ఉంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చకుండా దాన్ని నమ్మకండి. AWAITING BANK CONFIRMATION అని ఉంటే ముందు మీ సంస్థలోనే అడగండి. సంస్థ ఖాతాల్లో ఒకరు ఎంట్రీ చేస్తే మరొకరు ఆమోదించాలి. ఆ రెండో వ్యక్తి ఆమోదించడం మరిచిపోతే తప్పు బ్యాంకుది కాదు, పోర్టల్‌ది కాదు. ఇక అసలు చిక్కు INITIATED తో వస్తుంది. చలాన్ తీసి అసలు కట్టని వాళ్లకూ, కట్టినా కబురు చేరని వాళ్లకూ ఆ మాటే కనబడుతుంది. తేడా తేల్చేది బ్యాంకు స్టేట్‌మెంటే.

ఒక కేసు చెబుతాను. ఒక హోల్‌సేల్ కిరాణా షాపు యజమాని 19వ తేదీ సాయంత్రం ఏడింటికి 18,600 రూపాయల చలాన్ కట్టారు. సీజీఎస్టీ 9,300, ఎస్‌జీఎస్టీ 9,300. డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చింది, పోర్టల్లో INITIATED అని ఉంది. ఆయన వెంటనే ఇంకో చలాన్ తీయబోతుంటే ఆపాను. నెట్ బ్యాంకింగ్‌లోకి వెళ్లి ఆ లావాదేవీ రసీదు దింపమన్నాను. అందులో బ్యాంకు రిఫరెన్స్ నంబరు, అంటే BRN, తేదీ, మొత్తం ఉన్నాయి. 20వ తేదీ సాయంత్రం ఏడు దాటింది, అంటే 24 గంటలు నిండాయి. అయినా లెడ్జర్‌లో డబ్బు లేదు. అప్పుడు Payments కిందే ఉండే Grievance against Payment లో PMT-07 ఫారం వేశాం. ఖాతాలో డబ్బు కట్ అయి CIN రాని వాళ్ల కోసమే ఆ ఫారం ఉంది. అది వేశాక వచ్చిన నంబరును చలాన్ పీడీఎఫ్ మీదే రాసి పెట్టుకున్నాం. 21న మధ్యాహ్నం లెడ్జర్‌లో డబ్బు పడింది, వెంటనే 3బి వేశాం.

ఆ ఒక్క రోజు ఆలస్యానికి అయిన ఖర్చు ఎంత? లేట్ ఫీజు 50 రూపాయలు. బాకీ పూర్తిగా సర్దితే తప్ప 3బి వెళ్లదు కాబట్టి అది తప్పలేదు. వడ్డీ మాత్రం పడలేదు. ఇక్కడే రుజువు విలువ తెలుస్తుంది. ప్రభుత్వ ఖాతాలో డబ్బు జమ అయిన తేదీనే లెడ్జర్‌లో జమ తేదీగా చట్టం లెక్కిస్తుంది. పోర్టల్‌కు కబురు చేరిన తేదీ వేరు. లెడ్జర్‌లో డిపాజిట్ తేదీకి ఒక గడి, బ్యాంకు తెలిపిన తేదీకి ఇంకో గడి ఉండేది అందుకే. గడువులోపు జమ అయి, రిటర్ను వేసేదాకా లెడ్జర్‌లోనే ఉన్న డబ్బుపై, రిటర్ను ఆలస్యమైనా వడ్డీ లేదని 2024 జులైలో నిబంధన చేర్చారు. డబ్బు పడ్డాక ఆ డిపాజిట్ తేదీ మీ బ్యాంకు రసీదుతో కలుస్తోందో లేదో తప్పక చూడండి.

ఒకవేళ వడ్డీ పడినా ఏడాదికి 18 శాతం లెక్కన 18,600 మీద రోజుకు సుమారు 9 రూపాయలు. దీన్ని తప్పించుకోవడానికి ఇంకో 18,600 ఇరికించడం నాకైతే సబబుగా అనిపించదు. ఇప్పటికే రెండుసార్లు కట్టేసి ఉంటే భయపడకండి, ఆ డబ్బు పోదు. మీ క్యాష్ లెడ్జర్‌లోనే ఉంటుంది. వచ్చే నెల బాకీకి వాడుకోవచ్చు, లేదా RFD-01 ఫారంలో రీఫండ్ అడగవచ్చు. వాడుకోవడమే తేలిక.

రుజువు విషయంలో ఎక్కువ మంది చేసే పొరపాటు ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌ను దాచుకుని ఊరుకోవడం. అందులో సాధారణంగా CPIN ఉండదు, కాబట్టి ఆ డబ్బు ఏ చలాన్‌కు వెళ్లిందో అది చెప్పదు. మూడు కాగితాలు ఒకే ఫోల్డర్‌లో ఉంచండి: కట్టకముందు దింపిన చలాన్, ఆ లావాదేవీ ఉన్న బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్, PAID అయ్యాక CIN తో వచ్చే చలాన్ రసీదు. మూడోదాన్ని చాలామంది దింపుకోరు, పని అయిపోయిందని వదిలేస్తారు. పోర్టల్ స్క్రీన్‌షాట్ తీస్తే తేదీ, టైము కనబడేలా పూర్తి స్క్రీన్ తీయండి.

డబ్బు ఇరుక్కుందన్న కంగారులో ఇంటర్నెట్‌లో వెతికి దొరికిన హెల్ప్‌లైన్ నంబరుకు ఫోన్ చేయకండి. జీఎస్టీ హెల్ప్‌డెస్క్ నంబరు 1800-103-4786. ఓటీపీ అడిగినా, స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. అప్పటికే మోసగాళ్ల చేతిలో డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈ నెల చలాన్ 17కే కట్టండి. 24 గంటలు ఆగి, PMT-07 వేయాల్సి వచ్చినా మీ చేతిలో ఇంకా రెండు రోజులు ఉంటాయి.