తెలుగు ర్యాప్ రాయడం – 4వ భాగం: లైన్ లోపలి ప్రాస, అచ్చుల గొలుసు

పోయిన భాగంలో రాసిన లైన్ల చివరి మాటలు చూడండి. పోతున్నా, రాస్తున్నా, చూస్తున్నా అని ఉన్నాయా? తెలుగులో క్రియ చివరికి వస్తుంది కాబట్టి ఈ ప్రాస వ్యాకరణమే ఇచ్చేస్తుంది. అందుకే వినేవాళ్ల చెవికి అది ఆనదు. పైగా ప్రతి లైనూ అక్కడే ఆగిపోతుంది. ఈసారి లైన్ చివర వదిలేసి లోపల పని చేద్దాం.

పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలో రెండో అక్షరం హల్లు కలవడం. ఇక్కడ మనకు కావలసింది అచ్చులు. రాత్రి, దారి, గాలి, బాకీ: హల్లులు వేరైనా అన్నిట్లో 'ఆ' తర్వాత 'ఇ' లేదా 'ఈ' ఉంది. ఇదే గొలుసు. మొదటి అచ్చు నిడివి మాత్రం మారకూడదు. 'గాలి' పక్కన 'చలి' పెడితే 'లి' కలిసినా గొలుసు సడలుతుంది, ఎందుకంటే తెలుగు చెవి దీర్ఘాన్ని, హ్రస్వాన్ని వేరుగానే వింటుంది.

ఈ మూడు లైన్లు 90 బీపీఎం బీట్ మీద, చేత్తో తాళం వేస్తూ చదవండి. లైన్‌కు నాలుగు దెబ్బలు.

రాత్రి దారి, చల్లగాలి, జేబు ఖాళీ, బస్సులో నా తల
కిటికీకి వాలి, పాత బాకీ మాటిమాటికీ తోడు
రోడ్డు మీద వాన హోరు, బండి జోరు, పాట ఆగదు

మొదటి లైన్‌లో తొలి మూడు దెబ్బలకు నాలుగేసి అక్షరాలు పడతాయి. దా, గా, ఖా మూడూ దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా నడుమ వస్తాయి. నాలుగో దెబ్బలో ఆరు అక్షరాలు గబగబా దొర్లుతాయి, వాక్యం పూర్తికాదు. 'నా తల' ఏమైందో తెలియాలంటే రెండో లైన్‌లోకి వెళ్లాల్సిందే. అక్కడ వా, బా, మా నేరుగా దెబ్బ మీదే పడతాయి. అదే అచ్చు, చోటు మారింది. ఊపు వచ్చేది ఈ మార్పు వల్లే. రెండు లైన్లలోనూ నడుమనే పెట్టి చూడండి, ఎక్కాలు వల్లించినట్టు ఉంటుంది.

రెండో లైన్ చివరి 'తోడు' ప్రాస కోసం పెట్టింది కాదు. కొత్త గొలుసు (ఓ-ఉ) అక్కడ మొదలై రోడ్డు, హోరు, జోరు మీదుగా సాగుతుంది. పాత గొలుసు అరిగిపోకముందే కొత్తది అందుకోవాలి. నా లెక్కలో ఒక గొలుసుకు ఆరేడు మాటలు చాలు. అంతకు మించితే అచ్చు కోసం అర్థం లేని మాటలు దూరతాయి. అలాంటి మాట తీసేసి చదవండి. భావం ఏమీ తగ్గకపోతే అది అతుకే.

రాశాక ఫోన్‌లో రికార్డ్ చేసి, మాటలు పట్టించుకోకుండా అచ్చులు మాత్రమే వినండి. గొలుసు మాట తాళానికి ఎటూ కాకుండా జారితే దాని ముందు ఒక చిన్న మాట చేర్చండి, లేదా తీసేయండి. 'గాలి' ముందు 'చల్ల' ఉన్నది అందుకే.

వచ్చే భాగానికి ఎనిమిది లైన్లు రాయండి: రెండు గొలుసులు, కనీసం రెండు చోట్ల వాక్యం పక్క లైన్‌లోకి దాటాలి, ఏ లైనూ 'తున్నా'తో ముగియకూడదు. వాటిలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో 5వ భాగంలో చూద్దాం.