ఒక్క వేమన పద్యంతో నలభై నిమిషాల చర్చ ఎలా నడపాలి?

వేమన పద్యం తీసుకుంటే ఒక చిక్కుంది. మనం నోరు తెరవకముందే పిల్లలు నీతి చెప్పేస్తారు. ఇక అడగడానికేమీ మిగలదు. అందుకే ప్రశ్నల వరస ముందే రాసి పెట్టుకోవాలి. నీతి దగ్గర మొదలుపెట్టకుండా వస్తువుల దగ్గర మొదలుపెట్టాలి. ఏడు, ఎనిమిది తరగతులకు ఈ పద్యం బాగుంటుంది:

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ముందురోజు చేసుకోవాల్సింది

కొంచెం కల్లుప్పు, రెండు హారతి కర్పూరం బిళ్ళలు తెచ్చుకోండి. బిళ్ళల్ని నలిపి, ఉప్పును ఒక కాగితంలో, కర్పూరాన్ని ఇంకో కాగితంలో పొట్లం కట్టండి. కర్పూరాన్ని తెరిచి ఉంచితే ఆవిరైపోతుంది కాబట్టి గట్టిగా మడవాలి. క్లాసులో పొట్లాలు మీ చేతిలోనే ఉండాలి. ఎవరూ నాలుక మీద వేసుకోకూడదు, హారతి కర్పూరం కడుపులోకి పోతే ప్రమాదం. తిరుపతి పిల్లలు "లడ్డూలో వేస్తారు కదా సార్?" అని అడగకుండా ఉండరు. లడ్డూలో వేసేది పచ్చకర్పూరం, హారతి బిళ్ళ అది కాదు అని అప్పుడే చెప్పేయండి.

మొదటి పది నిమిషాలు: పద్యంలో ఉన్నదే

పద్యం మీరు ఒకసారి, పిల్లలు ఒకసారి చదివాక పొట్లాలు విప్పి దూరం నుంచి చూపించండి. ఏది ఏదో చెప్పమనండి. తర్వాత దగ్గరికి తెచ్చి వాసన చూడనివ్వండి. ఇప్పుడు తేలిక ప్రశ్నలు. పద్యంలో ఏ రెండు వస్తువులున్నాయి? అవి ఎందులో ఒకటిలా ఉన్నాయి? ఎందులో వేరు? వస్తువుల మాట వదిలి మనుషుల మాటకు ఏ పాదంలో వచ్చాడు? జవాబు పద్యంలోనే ఉంటుంది గనక ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీవాళ్ళకు ఈ ప్రశ్నలు ఇవ్వండి. ముందు బెంచీల చేతులు ఎలాగూ లేస్తాయి.

తర్వాతి పది నిమిషాలు: కాస్త ఆలోచించి

"చూడ" అని రెండుసార్లు ఎందుకన్నాడు? చూస్తే రంగు తెలుస్తుంది గానీ, రుచి ఎలా తెలుస్తుంది? ప్రశ్న వేశాక మనసులో పది లెక్కపెట్టి ఆగండి. ఆ నిశ్శబ్దం మనకే ఇబ్బందిగా ఉంటుంది, పిల్లలకు కాదు. ఇక్కడ చూడటమంటే కళ్ళతో చూడటం ఒక్కటే కాదు, పరీక్షించి తెలుసుకోవడం కూడా అన్న మాట వాళ్ళలోంచే రావాలి. రాకపోతే "అమ్మ పులుసులో ఉప్పు చూడమంటే ఏం చేస్తావు?" అని అడగండి చాలు.

అసలు ప్రశ్న

ఈ రెండింటిలో పుణ్యపురుషుడు ఏది, ఉప్పా, కర్పూరమా? ఎక్కువ మంది కర్పూరం అంటారు. గుడి ఊరు కదా మరి. అప్పుడు సంభాషణ ఇలా సాగొచ్చు:

"ఎందుకు?"
"హారతికి వాడతాం సార్."
"ఆ మాట పద్యంలో ఎక్కడుంది?"
"లేదు సార్."
"మరి ఉప్పు లేకుండా మధ్యాహ్న భోజనం తింటావా?"
"అయ్యో, తినలేం సార్."

నిజానికి ఈ పద్యం ఉప్పు తక్కువనలేదు, కర్పూరం ఎక్కువనలేదు. వేరు అంది, అంతే. చెడ్డవాళ్ళ ప్రస్తావన కూడా లేదు, దాన్ని మనమే చేర్చుకుంటాం. ఇది పిల్లలు పద్యం మళ్ళీ చదివి తామే కనుక్కునేలా చేయండి. అయితే కర్పూరమే గొప్పదని పట్టుబట్టే పిల్లవాణ్ణి తప్పనకండి. ఖరీదైనది, పూజకు వాడేది కాబట్టి ఆ కాలం వాళ్ళూ అలాగే అనుకుని ఉంటారని వాదిస్తే, అదీ మంచి వాదనే. కాకపోతే పద్యంలో ఉన్నదేది, మనం బయటినుంచి తెచ్చినదేది అన్నది వాడు విడదీసి చెప్పాలి.

ఇంకా సమయముంటే దీనికన్నా కష్టమైనది: మనిషి రుచి తెలియడానికి ఎంతకాలం పడుతుంది, తెలిసిందని ఎవరు తేల్చాలి? ఇక్కడ కొంచెం జాగ్రత్త. "మా పక్కింటాయన..." అని మొదలుపెట్టేవాళ్ళుంటారు. పేర్లు, వరసలు వద్దు, ఏం చేశాడో మాత్రమే చెప్పమనండి.

చర్చ గాడి తప్పిందని ఎలా తెలుస్తుంది?

అందరూ ఒకే వాక్యం చెబుతుంటే అది గైడులోంచి వస్తోందన్నమాట. అప్పుడు కొత్త ప్రశ్న వేయకండి. "ఏ పాదం చూసి అలా అన్నావు?" అని అడగండి. జవాబులన్నీ మీ మొహం చూసి చెబుతుంటే, "నువ్వేమంటావు?" అని పక్క పిల్లకు మాట అందించి మీరు కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడండి.

చివరి అయిదు నిమిషాల్లో నాలుగు వాక్యాలు రాయించండి: ఉప్పు తరఫునో కర్పూరం తరఫునో వాదిస్తూ, పద్యంలోంచి ఒక్క మాటైనా ఎత్తి చూపాలి. దిద్దేటప్పుడు ఏ పక్షం తీసుకున్నారని కాదు, ఎత్తి చూపిన మాట ఆ వాదనకు నిలబడుతుందా లేదా అన్నది చూసి మార్కులు వేయండి.