పురిటింట్లో మా బంటి

అక్క పుట్టింటికి వస్తే మా కుక్క బంటి ఆమె మంచం కిందే పడుకుంటుంది. బిడ్డ పుట్టాక గెంటేస్తే కుక్కకి బిడ్డంటేనే పడదని, నెల ముందే దాని పడక వరండాలోకి మార్చి, గది గుమ్మానికి నడుమెత్తు వెదురు తడక కట్టాను. ఫోన్‌లో పసిపిల్లల ఏడుపు వినీవినపడనంతగా పెట్టి ఉడికించిన కోడి ముక్కలు ఇచ్చేవాణ్ని. బెదరకుండా తింటేనే సౌండ్ పెంచేవాణ్ని.

అమలాపురం నుంచి బిడ్డ వచ్చిన రోజు బంటిని ముందు కాలవగట్టు మీద బాగా తిప్పాను. అక్క ఒక్కతే వచ్చి దాన్ని పలకరించాక అమ్మ బిడ్డను తెచ్చింది. గొలుసు వదులుగానే పట్టుకున్నాను.

చీర ఉయ్యాల ఊగినప్పుడే అసలు చిక్కు. బంటి నోరు మూసి, ఒళ్లు బిగబట్టి, రెప్ప వెయ్యకుండా చూసింది. అది ముచ్చట కాదు, వేట చూపు. తిట్టకుండా పిలిచి, అది ఒళ్లు వదిలేసేంత దూరం తీసుకెళ్లాను. అక్కడి నుంచి ఉయ్యాలను చూసి నావైపు తిరిగిన ప్రతిసారీ ముక్క పెట్టాను. రోజుకి కాస్త దగ్గరికి జరిగాం. మళ్లీ బిగిస్తే వెనక్కి.

గుర్రుమన్నా కొట్టకూడదు, అది హెచ్చరిక. దాన్ని అణిచేస్తే ఈసారి చెప్పకుండానే కరవొచ్చు. పిలిచినా చూపు తిప్పకపోతే పశువుల డాక్టరుకు చూపించాల్సిందే. "మన కుక్కేగా" అని అమ్మమ్మ అంటూనే ఉంది. పెద్దవాళ్లెవరూ లేనప్పుడు తడక మాత్రం తియ్యలేదు.