రెండు గంటల అగ్నిని తట్టుకునేలా బీముకు కవరు ఎలా ఇవ్వాలి?

మొదట భవనానికి ఎన్ని గంటల అగ్ని నిరోధం కావాలో తేల్చుకోవాలి. ఇక్కడ రెండు గంటలు అనుకుందాం. భారత కాంక్రీటు ప్రమాణం ఐ.ఎస్. 456:2000 ప్రకారం అందుకు బీము వెడల్పు కనీసం 200 మి.మీ. ఉండాలి. ఉక్కును కప్పి ఉంచే కాంక్రీటు మందమే కవరు. రెండు చివర్లా ఊరికే ఆనుకుని ఉండే బీముకు అది 40 మి.మీ., వరుస స్తంభాల మీదుగా సాగే బీముకు 30 మి.మీ. చాలు. రెండో రకం బీములో కింది ఉక్కు బలహీనపడినప్పుడు, స్తంభాల దగ్గర స్లాబు చాటున కొంత చల్లగా ఉండే పై కడ్డీలు భారంలో కొంత భాగాన్ని మోస్తాయి కాబట్టే ఆ వెసులుబాటు.

పట్టికలోంచి అంకె తీసుకోవడం నిమిషం పని. పొరపాట్లన్నీ ఆ అంకెను ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి అన్న దగ్గర జరుగుతున్నాయి. కవరు అంటే కాంక్రీటు ఉపరితలం నుంచి, ప్రధాన కడ్డీలను చుట్టి ఉండే స్టిరప్పు బయటి అంచు దాకా ఉన్న దూరం. ఆ 40 మి.మీ.ను ప్రధాన కడ్డీ దాకా కొలిస్తే, 8 మి.మీ. స్టిరప్పు ఉన్నచోట కవరు 32 మి.మీ. మాత్రమే మిగులుతుంది.

ఈ మిల్లీమీటర్లు ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. బీము వెడల్పు 300 మి.మీ., కింద 20 మి.మీ. కడ్డీలు నాలుగు, 8 మి.మీ. స్టిరప్పులు, కవరు 40 మి.మీ. అయితే కడ్డీ నడిమధ్య ఉపరితలానికి 58 మి.మీ. లోపల ఉంటుంది. ప్రామాణిక అగ్ని పరీక్షలో రెండు గంటలకు వాయువు వేడి 1,049 డిగ్రీలకు చేరుతుంది. అప్పటికి లోపలి రెండు కడ్డీల వేడి సుమారు 410 డిగ్రీలు కాగా, అడుగు నుంచీ పక్క నుంచీ వేడి తగిలే మూల కడ్డీలది సుమారు 585. ఐరోపా నిర్మాణ ప్రమాణమైన యూరోకోడ్ విలువల ప్రకారం వేడిగా రోల్ చేసిన కడ్డీ 400 డిగ్రీల దాకా తన బలాన్ని దాదాపు పూర్తిగా నిలుపుకుంటుంది. 500 వద్ద 78 శాతం, 600 వద్ద 47 శాతం, 700 వద్ద 23 శాతం మాత్రమే మిగులుతుంది. ఆ లెక్కన మన నాలుగు కడ్డీలలో కలిపి సుమారు 75 శాతం బలం ఉంటుంది.

రూపకల్పనలో భారాన్ని 1.5తో పెంచి, ఉక్కు బలాన్ని 1.15తో తగ్గించాం కాబట్టి, మామూలు వాడకపు భారం మొత్తం బీము మీద ఉన్నా అది నిలవడానికి సుమారు 58 శాతం సరిపోతుంది. ఇప్పుడు పక్క కవరు సరిగానే ఉండి, అడుగు కవరు ఒక్కటే 25 మి.మీ.కు జారిందనుకోండి. మూల కడ్డీలు 655 డిగ్రీలు దాటుతాయి, లోపలివి 510 దగ్గరికి వస్తాయి, మొత్తం బలం 54 శాతానికి పడిపోతుంది. కడ్డీలు కిందికి జారడంతో బీము పై అంచు నుంచి కడ్డీల దాకా ఉండే ప్రభావ లోతు కాస్త పెరిగినా ఆ లాభం ఈ నష్టాన్ని పూడ్చదు. పదిహేను మిల్లీమీటర్ల తేడాకు బీము రెండు గంటలు నిలవదు.

అందుకే కాంక్రీటు పోయడానికి ముందు ఈ పని తప్పనిసరి. కవరు బ్లాకులను స్టిరప్పుల కిందే, మీటరుకు మించని దూరంలో కట్టాలి. మూలల దగ్గర పక్క బ్లాకులు కూడా ఉండాలి. బ్లాకును ఆ కాంక్రీటుకు తగిన బలమున్న మోర్టారుతో ముందే చేసి, నీటిలో క్యూరింగ్ చేసి ఉంచాలి. అగ్ని నిరోధం కావలసిన బీములో ప్లాస్టిక్ బ్లాకుల కన్నా ఇవే మేలు, ఎందుకంటే ప్లాస్టిక్ కరిగితే ఉక్కు దాకా వేడికి దారి ఏర్పడవచ్చు. కంకర రాళ్లు పెట్టి సరిపెట్టడం అసలే పనికిరాదు, వైబ్రేటరు తగలగానే పక్కకు జారిపోతాయి. మనుషులు కడ్డీల మీద నడిచిన తర్వాత, పోతకు ముందు, స్కేలుతో ప్రతి బీమునూ మరోసారి కొలవాలి. కొలత 40 కంటే తక్కువ ఉండకూడదు. 10 మి.మీ. వరకు ఎక్కువ ఉన్నా ఒప్పుకోవచ్చు.

“ప్లాస్టరు ఎలాగూ వస్తుంది కదా” అని కవరు తగ్గించే మేస్త్రీలను చాలాసార్లు ఆపాను. మంటలో ప్లాస్టరు ముందే ఊడిపోవచ్చు కాబట్టి దాన్ని కవరులో కలపకూడదు. అలాగని భయంతో కవరు 60, 70కి పెంచేయడం కూడా సరికాదు. మందపాటి కవరులో పట్టి ఉంచే ఉక్కు ఉండదు కాబట్టి మంటకు అది పెచ్చులుగా రాలి కడ్డీని బయటపెట్టవచ్చు. బీములో 40 మి.మీ. మించి కావలసివస్తే అగ్ని నిరోధక పూత, అదే తరహా ఫాల్స్ సీలింగు వంటి అదనపు రక్షణ చేర్చాలని ఐ.ఎస్. 456 చెబుతుంది.

సెంట్రింగు తీశాక, కాంక్రీటు పైనుంచే కవరును కొలిచే కవరు మీటరు అనే పరికరంతో బీము అడుగునంతా, ముఖ్యంగా మూలల వెంట కొలవాలి. తక్కువ తేలితే మామూలు ప్లాస్టరుతో కప్పకుండా, స్ట్రక్చరల్ ఇంజినీరుతో పై లెక్కను అసలు కొలతలతో మళ్లీ వేయించి, అవసరమైన మందంలో పరీక్షించిన అగ్ని నిరోధక పూతను వేయించాలి.